మా గానుగ వేరుశనగ నూనె, బజారులో దొరికే మిగతా వేరుశనగ నూనెలు: ఏది ఎవరికి సరిపోతుంది

సవరించిన తేదీ: 2025 జూన్ 12

కదిరిలో మేం గానుగ పెట్టి ఆరేళ్లయింది. అమ్మేది వేరుశనగ నూనె ఒక్కటే. మా నూనెకూ కొట్లో దొరికే నూనెలకూ తేడా ఏంటని రోజుకు పదిమంది అడుగుతారు. వాళ్ల కోసం మూడేళ్ల కింద ఒక పోలిక రాసి అచ్చేయించి సీసాతో పాటు ఇస్తూ వచ్చాం. మొన్న వేసవిలో మా వీధి చివర కిరాణా కొట్టు అన్న ఆ కాగితం పట్టుకుని గానుగ దగ్గరికి వచ్చినాడు. గొంతు పెంచలేదు. ఒక వాక్యం కింద వేలు పెట్టి, "నేనేమన్నా విషం అమ్ముతాండానా నాయనా? మా ఇంట్లో పిల్లోళ్లు తినేదీ ఇదే నూనె" అన్నాడు. ఆ వాక్యం ఇది: "రిఫైన్డ్ పేరుతో మీరు తాగుతున్నది నెమ్మదిగా చంపే విషం."

దాన్ని రుజువు చేయగలిగింది మా దగ్గర ఏదీ లేదు. ఎక్కడో విన్నాం, రాసేశాం. ఆ రాత్రి కాగితమంతా మళ్లీ చదివితే నిలబడనివి ఇంకా కొన్ని కనిపించినాయి. అందుకే మొత్తం తిరగరాశాం. ఏం తీసేశామో కూడా కింద చెప్పినాం, ఎందుకంటే పాత కాగితం ఇంకా చాలా ఇళ్లలో ఉంది.

ముందుగా ధర, అందరూ అడిగేది అదే కాబట్టి

ఈ నెల మా నూనె లీటరు 320 రూపాయలు. ఒకటో తేదీన మా ఊరి కొట్లలో రిఫైన్డ్ వేరుశనగ నూనె లీటరు 180 నుంచి 195 మధ్య ఉంది. అంటే మాది ఒకటిన్నర రెట్లకు పైనే.

పాత కాగితంలో "అంత చౌకగా ఎలా ఇస్తున్నారో ఆలోచించండి" అని రాశాం. కల్తీ అన్న మాట వాడకుండానే కల్తీ అన్నట్టు. ఆ వాక్యం కొట్టేశాం. వాళ్లకు చౌకగా ఎందుకు పడుతుందో లెక్క తేటగానే ఉంది. వేరుశనగ పప్పులో సగానికి దగ్గరగా నూనె ఉంటుంది. మా గానుగలో వంద కిలోల పప్పు పోస్తే 38 నుంచి 40 కిలోల నూనె దిగుతుంది, మిగతా నూనె, పిండగా మిగిలే చెక్కలో ఉండిపోతుంది. పెద్ద మిల్లులో ఎక్స్‌పెల్లర్ గట్టిగా పిండుతుంది. ఆ చెక్కను మళ్లీ హెక్సేన్ అనే ద్రావకంతో కడిగితే చివరికి అందులో మిగిలే నూనె చాలా తక్కువ. అదే పప్పులోంచి వాళ్లకు ఎక్కువ లీటర్లు వస్తాయి. అది యంత్రం బలం, మోసం కాదు.

మా లెక్క ఇదీ. లీటరు నూనె తూకానికి సుమారు 910 గ్రాములు. అది రావడానికి రెండుంబావు కిలోల పైన పప్పు కావాలి. కిలో 105 చొప్పున పప్పుకే 245 రూపాయల దాకా అవుతుంది. చెక్క పాడి రైతులకు అమ్మితే 50 దాకా వెనక్కి వస్తుంది. ఏరడానికి కూలి, కరెంటు, సీసా, పన్ను, మా బతుకు మిగతా దాంట్లో. గానుగ చెక్కలో నూనె ఎక్కువ మిగులుతుంది కాబట్టి బర్రెలున్నోళ్లు మా చెక్క కోసం ముందే చెప్పి పెట్టుకుంటారు.

ఎలా తీస్తారు

రిఫైన్డ్ నూనెలో ముందు జిగురు తీస్తారు. తరవాత క్షారంతో పులుపు తగ్గిస్తారు, బ్లీచింగ్ మట్టితో రంగు తీస్తారు, చివర 200 డిగ్రీలు దాటిన వేడిలో ఆవిరి పంపి వాసన తీస్తారు. దాని వల్ల రంగు, వాసన, రుచి దాదాపు పోతాయి. విటమిన్ ఈ కూడా కొంత తగ్గుతుంది. "రసాయనాలు కలిపిన నూనె" అని మేం రాసింది మాత్రం తప్పు. ద్రావకం వాడి తీసినా తరవాత దాన్ని ఆవిరి చేసి తీసేస్తారు. రిఫైన్డ్ నూనెలో మిగలగల హెక్సేన్‌కు దేశ ఆహార భద్రత సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ పెట్టిన హద్దు పది లక్షల పాళ్లకు 5 పాళ్లు.

మాది రాతి పునాది మీద చెక్క రోలు, చెక్క రోకలి, కరెంటు మోటారుతో నిదానంగా తిరిగేది. ఎద్దుల గానుగ కాదు. పాత కాగితం మీద ఎద్దు బొమ్మ ఉండేది, తీసేశాం. "ఏమాత్రం వేడి తగలని నూనె" అన్నదీ తీసేశాం. రోకలి ఒరిపిడికి వేడి పుడుతుంది. దిగే నూనెలో థర్మామీటరు పెట్టి చూస్తే 45 డిగ్రీల చుట్టూ చూపిస్తుంది, వేలు పెడితే గోరువెచ్చగా తగులుతుంది. బయటి నుంచి వేడి ఇవ్వం, ద్రావకం వాడం. మూడు రోజులు తేరనిచ్చి, గుడ్డలో వడగట్టి సీసాకెత్తుతాం. అడుగున సన్నగా మడ్డి దిగితే అది పప్పు పిండే.

పక్కపక్కన పెడితే

| | మా గానుగ నూనె | రిఫైన్డ్ వేరుశనగ నూనె |
|---|---|---|
| లీటరు ధర (ఈ నెల, కదిరి) | 320 | 180–195 |
| వాసన, రుచి | పప్పు వాసన బాగా ఉంటుంది | దాదాపు ఉండదు |
| పొగ వచ్చే వేడి | సుమారు 160 డిగ్రీలు | సుమారు 230 డిగ్రీలు |
| నిల్వ | 4 నెలలు | చాలా ప్యాకెట్ల మీద 9 నుంచి 12 నెలలు |
| చేర్చిన విటమిన్ ఏ, డీ | లేవు | '+ఎఫ్' గుర్తు ఉన్నవాటిలో ఉంటాయి |
| కొవ్వు, కేలరీలు | 100 గ్రాములకు 900 | అంతే |

చివరి వరస మీద ఒక మాట. "కొలెస్ట్రాల్ లేనిది" అని మేమూ పెద్దక్షరాల్లో వేసుకున్నాం. మొక్కల నుంచి తీసిన ఏ వంట నూనెలోనూ చెప్పుకోదగ్గ కొలెస్ట్రాల్ ఉండదు. ఆ మాట మాకే సొంతమన్నట్టు రాస్తే ఎదుటోడి నూనెలో ఉందని అన్నట్టే. తీసేశాం. "గుండెకు మంచిది" కూడా పోయింది. ఏ నూనె అయినా నూనే, చెంచా చెంచాకూ కేలరీలున్నాయి.

రిఫైన్డ్ నూనె మేలనిపించే చోట్లు

బాండలి నిండా నూనె పోసి పూరీలో బజ్జీలో గంటసేపు వేయించాలంటే రిఫైన్డ్ నూనే కొనండి. మా నూనె ఆ వేడికి పొగ చిమ్ముతుంది, నురుగొస్తుంది, ఖర్చూ ఎక్కువ. హోటలు పెట్టుకున్నోళ్లు అడిగినా ఇదే చెప్తాం. నెలకు ఒక లీటరు కూడా వాడని ఇంట్లో ఐదు లీటర్ల డబ్బా మా దగ్గర కొనొద్దు, నాలుగు నెలలు దాటితే ముక్కిన వాసనొస్తుంది.

బూజు సంగతి కూడా చెప్పాలి. వేరుశనగకు తేమ తగిలితే బూజు పట్టి అఫ్లటాక్సిన్ అనే విషపదార్థం పుడుతుంది. రిఫైన్ చేసేటప్పుడు క్షారం, బ్లీచింగ్ మట్టి దగ్గర అది చాలా మటుకు పోతుంది. గానుగలో అలా తీసేసే మెట్టు లేదు. కాబట్టి మేం జాగ్రత్త పడాల్సింది పప్పు దగ్గరే. ముడుచుకున్నవి, రంగు మారినవి, పగిలి నల్లబడినవి నలుగురు ఆడవాళ్లు చేతితో ఏరి పారేస్తారు. లోడు మారినప్పుడల్లా ల్యాబుకు పంపిస్తాం. ల్యాబు ఇచ్చిన కాగితం గానుగ దగ్గర గోడకు అంటించి ఉంటుంది, ఎవరైనా చదువుకోవచ్చు. వేరే గానుగలో కొన్నా ఇలాంటి ల్యాబు కాగితం అడగండి.

వేరుశనగ పడనివాళ్లు ఇంట్లో ఉంటే మా నూనె వద్దు. బాగా రిఫైన్ చేసిన నూనెలో పప్పు తాలూకు ప్రొటీన్ దాదాపు మిగలదు, మా నూనెలో ఉంటుంది. ఈ వాక్యం పాత కాగితంలో లేదు. ఇప్పుడు సీసా మీద కూడా అచ్చేస్తున్నాం.

మిగతా గానుగలు, 'కోల్డ్ ప్రెస్డ్' నూనెలు

"ఇనుప యంత్రంలో తీసేది అసలు కోల్డ్ ప్రెస్డ్ కాదు" అని మేం రాసింది నిలబడదు. అంతర్జాతీయ ఆహార ప్రమాణాలు పెట్టే కోడెక్స్ లెక్కలో వేడి చేయకుండా, ద్రావకం లేకుండా, యంత్రంతో పిండింది కోల్డ్ ప్రెస్డే. చెక్కా ఇనుమా అని అందులో లేదు. చిన్న ఎక్స్‌పెల్లర్‌లో నిదానంగా తీసిన మంచి నూనె మేం రుచి చూశాం. మాది చెక్క రోకలి అని మాత్రం చెప్పుకుంటాం, ఎందుకంటే మాది నిజంగా చెక్కదే.

కొనేముందు సీసా మీద చూడాల్సింది పిండిన తేదీ. మా సీసాల మీద నెల కాదు, రోజు వేస్తాం. దాని పక్కనే పప్పు ఏ మండలం నుంచి వచ్చిందో రాస్తాం. ఈ సీజన్లో ఎక్కువగా మన చుట్టుపక్కల పండిన కదిరి-6 రకం బుడ్డలే వాడుతున్నాం.

మరి మాది ఎందుకు కొనాలి

రుచి కోసం. దీనికి ల్యాబు కాగితం అక్కర్లేదు. వేడి సంగటిలో ఊరుబిండి వేసుకుని మీద ఒక చెంచా మా నూనె పోసి తినండి. పక్క గిన్నెలో అదే ఊరుబిండి మీద మామూలుగా వాడే నూనె పోయండి. ఉగ్గాణికి పోపు పెట్టినప్పుడు వీధిలోకి వచ్చే వాసన ఉంటుంది చూడండి, దాన్నే రిఫైనింగులో తీసేస్తారు, మేం ఉంచుతాం. పచ్చళ్లకు, పొడుల్లోకి, తాళింపుకు, పప్పులోకి చివర పోసుకోవడానికి మా నూనె రిఫైన్డ్ కంటే బాగుంటుందని ధైర్యంగా చెప్తాం. తక్కువ నూనెకే కూరకు రుచి వస్తుందని మా ఇంటి అనుభవం.

ఇంకోటి, కళ్లారా చూసి కొనొచ్చు. పొద్దున ఏడు నుంచి పదకొండు దాకా గానుగ తిరుగుతుంది. మీ సొంత బుడ్డలు కొట్టించుకుని పప్పు తెచ్చినా ఆడిస్తాం. కిలోకు 20 రూపాయలు, నూనే చెక్కా రెండూ మీవే. కనీసం పది కిలోలు ఉండాలి.

చాలామంది కొనుగోలుదార్లు రెండూ పెట్టుకుంటారు: వేపుళ్లకు, పండగ పిండివంటలకు కొట్టు నూనె, రోజు కూరలకు మాది. నలుగురున్న ఇంటికి అట్లయితే నెలకు మా నూనె రెండు లీటర్లు సరిపోతుంది. మొదటిసారి అర లీటరు సీసా తీసుకోండి, 165 రూపాయలు. రుచి నచ్చకపోతే పది రోజుల్లోపు మిగిలింది తెచ్చివ్వండి, మొత్తం డబ్బు తిరిగి ఇస్తాం.

పై ధరలు ప్రతి నెలా ఒకటో తేదీన రెండు కొట్లలో చూసి మారుస్తాం. ఇందులో తప్పు కనిపిస్తే, మీరు రిఫైన్డ్ నూనె అమ్మేవాళ్లయినా సరే, గానుగకు వచ్చి చెప్పండి. సరిచేసి, సరిచేసిన తేదీ పైన వేస్తాం. కిరాణా అన్న ఈ కాగితం చదివి రెండు అంకెలు దిద్దినాడు. వాళ్ల కొట్లో ఇప్పుడు మా అర లీటరు సీసాలు కూడా దొరుకుతాయి, అదే ధరకు.