నిన్నటి ఉత్తరమే, అంకెలు వేసి మళ్లీ పంపుతున్నాను: 9 ప్రశ్నలు, మొదటి మూడూ తొందరవి

నమస్కారం అండీ,

నాన్న వ్యాసాల పుస్తకానికి మీరు చేస్తున్న పేజీల అమరిక గురించి నిన్న నేను రాసిన ఉత్తరానికి మీరు "సరేనండి, చూస్తాను" అని జవాబిచ్చారు. తప్పు మీది కాదు. ఈ ఉదయం ఆ ఉత్తరాన్ని నేనే తిరిగి చదివితే, ఫొటోల గురించి మొదలైన వాక్యం పేజీ అంకెల దగ్గర తేలింది. ఒక్క పేరాలోనే నాలుగు ప్రశ్నలున్నాయి. మీ "సరే" వాటిలో దేనికో నాకే తెలియలేదు. అందుకని దాన్ని పక్కన పెట్టేయండి. అడగవలసినవన్నీ కింద ఉన్నాయి, పాత ఉత్తరంతో ఇక పని లేదు.

ఈ ఉత్తరాన్నే తిప్పి పంపుతూ ప్రతి అంకె కింద మీ మాట రాస్తే చాలు. ఫోనులో ఉంటే "1 సరే, 2 పన్నెండు, 5 అడుగున" అని ముక్కలుగా రాసినా నాకు అర్థమవుతుంది. మొదటి మూడింటికి శుక్రవారం సాయంత్రంలోగా జవాబు కావాలి, ఎందుకంటే సోమవారం ప్రెస్సుకు పేజీల లెక్క చెప్పాలి. మిగిలినవి ఆ తర్వాతి వారంలో ఎప్పుడైనా ఫరవాలేదు.

తొందరవి

1. వరుసకు 16 పాయింట్లు ఉన్నదాన్ని 16.5 చేయగలరా?

కారణం చెబుతాను. రెండో ప్రూఫు 73వ పేజీలో ఒక వరుసలో "రాష్ట్రం" ఉంది, సరిగ్గా దాని కింది వరుసలో "కీలకం" ఉంది. పై వరుసలోని వత్తులు కింది మాట గుడి దీర్ఘాన్ని తాకుతున్నాయి. "స్త్రీ" వచ్చిన చోట్ల కూడా ఇదే గొడవ, మొత్తం పదకొండు చోట్ల కనిపించింది. 17 చేయమని అడుగుదామనుకున్నాను గానీ లెక్క వేస్తే కుదరలేదు. ఇప్పుడు పుస్తకం 214 పేజీలు, అందులో ముందుమాటలూ విషయసూచికా కలిపి 12. మిగిలిన 202 పేజీలు 17 పాయింట్లతో దాదాపు 215 అవుతాయి, అంతా కలిపి 227. ప్రెస్సువారు 16 పేజీల ఫారాలు వేస్తారు కాబట్టి 14 ఫారాలకు 224 పేజీలే. మూడు పేజీల కోసం పదిహేనో ఫారం వేయించడం నాకు ఇష్టం లేదు. 16.5తో అయితే నా లెక్కకు 221 వస్తుంది, మూడు పేజీలు ఖాళీగా చివర ఉంటాయి. నాది ఉజ్జాయింపు లెక్కే. మీ దగ్గర ఫైలు తెరిచి మార్చి చూసి, అసలు ఎన్ని పేజీలు వస్తున్నాయో చెప్పండి.

దీనికి తోక: ప్రతి వ్యాసమూ కుడిచేతి పేజీలోనే మొదలవ్వాలని నిన్న రాశాను. దాన్ని వెనక్కి తీసుకుంటున్నాను. 31 వ్యాసాలకు అలా చేస్తే మధ్యలో ఖాళీ పేజీలు పేరుకుని పై లెక్కంతా పోతుంది. ఇప్పుడున్నట్టే కొత్త పేజీలో మొదలైతే చాలు, అది ఎడమదైనా సరే.

2. 224 పేజీలకు, 80 గ్రాముల కాగితం మీద, పుస్తకం వెన్ను వెడల్పు ఎన్ని మిల్లీమీటర్లు?

కవరు గీస్తున్న అమ్మాయికి ఈ ఒక్క అంకె లేక పని ఆగిపోయింది. మీరు ప్రెస్సువారిని అడిగి చెబుతారా, నన్నే అడగమంటారా? ఎవరు అడుగుతారన్నది చెప్పినా చాలు.

3. "హెడ్‌మాస్టర్" అన్న మాట "హెడ్మాస్టర్"గా ఎక్కడ మారుతోంది, నా ఫైల్లోనా మీ ఫైల్లోనా?

నాన్న జీవితమంతా హెడ్‌మాస్టర్‌గానే పనిచేశారు కాబట్టి ఈ మాట పుస్తకంలో 41 సార్లు ఉంది, 41 చోట్లా తప్పే. నేను టైపు చేసేటప్పుడు పొల్లు తర్వాత కంటికి కనిపించని ఒక అక్షరం (U+200C) పెట్టాను. పొల్లును పొల్లుగా నిలబెట్టి, తర్వాతి హల్లు వత్తుగా మారకుండా ఆపేది అదే. మీ దగ్గరికి వచ్చాక ఎక్కడో అది రాలిపోతోంది. ఒక పని చేయండి: నేను పంపిన ఫైలు నుంచి ఈ ఒక్క మాటను నేరుగా మీ పేజీలో అతికించి చూడండి. సరిగా వస్తే, మధ్యలో వాడుతున్న మార్పిడి సాధనమే దాన్ని తినేస్తోందని అర్థం. అలా అయితే 41 చోట్లా చేత్తో దిద్దకండి, మళ్లీ దిగుమతి చేద్దాం. "సాఫ్ట్‌వేర్" లాంటి మాటలు కూడా ఇలాగే దెబ్బతిని ఉంటాయి, వాటిని నేను ఇంకా లెక్కపెట్టలేదు.

నిదానంగా చెప్పవచ్చు

4. పద్నాలుగు ఫొటోల్లో అయిదు చిన్నవి, వెడల్పు 640 పిక్సెళ్లే. అంగుళానికి 300 చుక్కల లెక్కన అవి రెండంగుళాలకు కాస్త ఎక్కువ వస్తాయి. ఆ పరిమాణంలోనే పేజీ మూలన వేస్తే బాగుంటుందా, తీసేయడం మేలా? సాగదీయడం మాత్రం వద్దు. బడి ముందు తీసిన గుంపు ఫొటో ఒక్కటీ ఎలాగైనా ఉండాలి. దాని అసలు ప్రతి మా పిన్ని దగ్గర ఉంది, స్కాన్ చేసి పంపమని అడిగాను.

5. అధోజ్ఞాపికలు పేజీ అడుగునా, వ్యాసం చివరా? నాకు అడుగునే ఇష్టం. అయితే 9వ వ్యాసంలో ఒక్కో పేజీకి అయిదారు ఉన్నాయి, పేజీ సగం అవే ఆక్రమిస్తాయేమో. అది మీ కంటికి వదిలేస్తున్నాను. ఏదైనా సరే, అంకెలు ప్రతి వ్యాసానికీ 1 నుంచి మొదలవ్వాలి.

6. నాన్న చేతిరాతలో తేదీలన్నీ తెలుగు అంకెల్లో ఉన్నాయి (౧౯౬౮ లాగా). పాఠంలో వాటిని అలాగే ఉంచి, పేజీ అంకెలు మాత్రం 1, 2, 3 అని వేస్తే ఎబ్బెట్టుగా ఉంటుందా?

7. రెండు వైపులా సమానంగా సర్దినప్పుడు పొడుగు సమాసాలున్న వరుసల్లో మాటల మధ్య గుంతలు పడుతున్నాయి. 38, 112 పేజీలు చూడండి. మాటను ఎక్కడ విరవాలో నేను గుర్తుపెట్టి ఇవ్వనా?

8. చివర్లో పీడీఎఫ్‌తో పాటు తెరిచి దిద్దుకోగల అసలు ఫైలు కూడా ఇస్తారా? అవునో కాదో చాలు.

9. మూడో ప్రూఫు ఎప్పటికి ఇవ్వగలరు? 1వ ప్రశ్న తేలాక ఎన్ని రోజులు అని చెప్పండి, తేదీ అక్కర్లేదు.

వీటికి జవాబు అక్కర్లేదు

118వ పేజీలో రెండో పేరా రెండుసార్లు పడింది, కింది దాన్ని తీసేయండి. నాన్న స్నేహితుడు రాస్తానన్న ముందుమాట రావడం లేదు, దాని కోసం వదిలిన రెండు పేజీలు తీసేసుకోవచ్చు. అంటే 1లో చెప్పిన 221 కాస్తా 219 అవుతుంది, మీకు అయిదు పేజీల ఊపిరి. ముద్రణ ఖర్చు గురించి నిన్న మిమ్మల్ని అడిగాను గానీ అది ప్రెస్సువారిని అడగవలసింది, వారికి విడిగా రాశాను.

3వ ప్రశ్నకు రాతలో చెప్పడం కష్టమైతే ఫోను చేయండి, సాయంత్రం ఆరు తర్వాత ఖాళీగా ఉంటాను. మిగిలినవి మాత్రం ఇక్కడే రాయండి. ఫోనులో అనుకున్నది మర్నాటికి నాకు గుర్తుండదు.

నమస్కారాలతో,
నాన్న వ్యాసాల సంపాదకుణ్ణి, ప్రూఫులు దిద్దేవాణ్ణి కూడా నేనే