కాటా మీది అంకె ఏది, గుణించి తెచ్చింది ఏది?

తిరుపతి డిగ్రీ కళాశాలలో ప్లాస్టిక్ చెత్తపై శనివారం ప్రసంగం. అయ్యాక వక్తను అడిగే ప్రశ్నలివి. టైం చాలకపోతే 2, 5 వదిలేయొచ్చు, 4 మాత్రం వదలొద్దు.

1. సార్, తిరుపతిలో రోజుకి ఇన్ని టన్నుల ప్లాస్టిక్ అన్నారు. వేబ్రిడ్జి తూచేది లారీలోని మొత్తం చెత్తను. అందులో ప్లాస్టిక్ ఎంతో అది చెప్పదు. మరి ఆ వాటా ఎలా తీశారు? కుప్ప పోసి, నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు రెండు భాగాలు తీసేసి, మిగిలింది కలిపి మళ్లీ అలాగే చేసి, చివరికి ఏరి తూచారా? ఎన్ని రోజులు, ఏ వార్డుల్లో? బ్రహ్మోత్సవాల వారంలో తీసిన శాంపిల్‌ని 365తో గుణిస్తే ఏడాది లెక్క రాదు కదా.

2. కడిగి ఆరబెట్టాక తూచారా? 4 గ్రాముల పార్సిల్ కవరుకి 6 గ్రాముల సాంబారు అంటుకుని ఉంటే కాటా 10 చూపిస్తుంది. అంటే ప్లాస్టిక్ రెండున్నర రెట్లయినట్టు కనిపిస్తుంది. బుట్ట బరువు తీసేశారా అని కూడా అడగాలి; అక్కడ కూడా తప్పు జరగొచ్చు.

3. దేశంలో రోజుకి 25,940 టన్నులని చాలామంది చెబుతారు. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి సర్వే చేసింది 60 నగరాల్లో, అక్కడ తేలింది 4,059 టన్నులు. మిగతాది దాన్నిబట్టి పెంచి కట్టిన లెక్క. పైగా చెత్తలో ప్లాస్టిక్ వాటా చండీగఢ్‌లో 3 శాతం చిల్లర, సూరత్‌లో 12 పైనే. మన ఊరికి వీటిలో ఏది పెట్టారు, ఎందుకు?

4. 2020-21కి అదే మండలి నివేదికలో ఏడాదికి దేశంలో పుట్టిన ప్లాస్టిక్ చెత్త దాదాపు 41 లక్షల టన్నులు. 2024లో నేచర్ పత్రికలో వచ్చిన మోడల్ ప్రకారం 2020లో మన దేశంలో ఆరుబయట చెల్లాచెదురై, లేదా బహిరంగంగా తగలబడి పోయిందే 93 లక్షల టన్నులు. పుట్టినదానికంటే చెల్లాచెదురైంది ఎక్కువ ఎలా అవుతుంది? ఒకటి రాష్ట్రాలు పంపిన లెక్కల కూడిక, ఇంకొకటి మోడల్. ఈ రెండింటినీ ఒకే గ్రాఫులో పక్కపక్కన కడ్డీలుగా గీయొచ్చా?

5. సముద్రంలోకి నిమిషానికో లారీ అంటారు. 2010కి కట్టిన అంచనా 48 నుంచి 127 లక్షల టన్నులు. నిమిషానికి 9 టన్నులూ కావొచ్చు, 24 టన్నులూ కావొచ్చు. ఒక్క లారీ అనేసరికి ఆ తేడా ఎక్కడికి పోయింది?

6. బాటిల్ కరగడానికి 450 ఏళ్లంటారు. ప్లాస్టిక్ పెద్దఎత్తున తయారవడం మొదలై ఇంకా వందేళ్లు కాలేదు. ఏ పరీక్ష నుంచి అంతదూరం లాగారు?

7. మార్కెట్లో కవర్ 120 మైక్రాన్లు ఉందో లేదో మైక్రోమీటర్ పెట్టి చూసేయొచ్చు. ఒక పొరని ఎన్నిచోట్ల కొలవాలో, ఎంత తేడా వస్తే ఒప్పుకుంటారో చెప్పండి. అదే పద్ధతిలో మీ మొదటి స్లైడులోని అంకె పక్కన ప్లస్సో మైనస్సో ఎంత రాస్తారు సార్?