వాచీల రిపేరు షాపులో షూటింగ్‌కు అనుమతి పత్రం

ఈ పత్రం రాసిస్తున్నది వాచీల రిపేరు షాపు నడుపుతున్న నేను. తీసుకుంటున్నది ఇక్కడ షార్ట్ ఫిల్మ్ తీయబోతున్న నిర్మాత. గది నాకు అద్దెది. అందుకే గది ఓనరు కూడా కింద సంతకం చేస్తున్నారు. ఆ సంతకం లేనిదే ఈ అనుమతి చెల్లదు.

సంతకాలయ్యాక వచ్చే మొదటి ఆదివారం ఉదయం 6 నుంచి మధ్యాహ్నం 2 వరకు యూనిట్ రావచ్చు. సామాను దింపడం, సర్దడం, మళ్ళీ ఎక్కించడం అన్నీ ఈ 8 గంటల్లోనే అయిపోవాలి. గది ఇరుకు కాబట్టి లోపల ఒకేసారి 9 మందికి మించకూడదు. వాన వల్లో కరెంటు పోయో పని ఆగితే, తర్వాతి ఆదివారం ఇవే వేళల్లో ఇంకొక్కసారి రావచ్చు. లైట్లకు కరెంటు సొంతంగా తెచ్చుకోవాలి; షాపు వైరింగ్ పాతది.

ముందు గది, కౌంటరు, షాపు బయటి భాగం వాడుకోవచ్చు. లోపలి గదిలోకి వెళ్ళకూడదు, కస్టమర్ల వాచీలున్న బీరువా తెరవకూడదు. రిపేరు చీటీల మీద కస్టమర్ల పేర్లు, ఫోన్ నంబర్లు ఉంటాయి. వాటిని చూపించే హక్కు నాకు లేదు కాబట్టి ముందే తీసి దాచేస్తాను. పొరపాటున కెమెరాలో పడితే చదవడానికి వీల్లేకుండా నిర్మాత మసక చేయించాలి. గోడ మీది కంపెనీ పోస్టర్లదీ అదే సంగతి: కప్పేయాలి, లేదా ఆ కంపెనీల అనుమతి నిర్మాతే తెచ్చుకోవాలి. గోడ గడియారాల చప్పుడు సౌండుకు అడ్డమైతే నాకు చెప్పండి, నేనే ఆపుతాను. లోలకాన్ని ఎవరూ చేత్తో పట్టుకోవద్దు.

తీసిన దృశ్యాలు, ఫొటోలు, శబ్దం నిర్మాతవే. ఈ సినిమాలో, దాని ట్రైలర్లో, పోస్టర్లలో, ఏ దేశంలోనైనా, ఏ మాధ్యమంలోనైనా, ఎంతకాలమైనా వాడుకోవచ్చు. అసలు వాడకపోయినా నేను అడగను. తర్వాత మనసు మారి విడుదల ఆపించను. నష్టం జరిగితే పరిహారం అడిగే హక్కు మాత్రం నాకుంటుంది. ఇవే దృశ్యాలను వేరే సినిమాకు ఇవ్వాలంటే మళ్ళీ రాతపూర్వకంగా నా అనుమతి తీసుకోవాలి.

కథలో దొంగిలించిన వాచీలు కొనే సీను ఒకటుందని నిర్మాత ముందే చెప్పారు. ఆ సీనులో మా బోర్డు కనిపించకూడదు, వేరే పేరుతో బోర్డు కట్టుకోవాలి. మిగతా సీన్లలో మా పేరు కనిపించినా అభ్యంతరం లేదు.

డబ్బు తీసుకోవడం లేదు. ప్రతిఫలంగా నిర్మాత మా షట్టరుకు కొత్త రంగు వేయిస్తారు, సినిమా చివర షాపుకు కృతజ్ఞతలు వేస్తారు.

షూటింగ్‌కు ముందు, తర్వాత ఇద్దరం కలిసి గది ఫొటోలు తీసుకుంటాం. కదిపినవన్నీ అదే రోజు యథాస్థానంలో పెట్టాలి. పగిలినవి, పాడైనవి 7 రోజుల్లో బాగు చేయించాలి, లేదా ఖరీదు కట్టివ్వాలి. యూనిట్ పని వల్ల ఎవరికైనా దెబ్బ తగిలితే బాధ్యత నిర్మాతదే.

మూడు ప్రతులు రాసుకున్నాం, తలా ఒకటి. మార్పులేమైనా ముగ్గురి సంతకాలతో రాతలో ఉంటేనే చెల్లుతాయి.

సంతకాలు:
షాపు నడుపుతున్నవారు
గది ఓనరు
నిర్మాత
ఇద్దరు సాక్షులు