అంతస్తుల వారీగా లినెన్, హౌస్‌కీపింగ్ సరుకు లెక్క

తిరుపతి గెస్ట్‌హౌస్ | 31 ఆగస్టు 2025, ఆదివారం, ఉదయం చెక్‌అవుట్‌లు అయ్యాక
మేనేజర్ గారికి

మొత్తం 12 గదులు, 14 డబుల్ మంచాలు. బెడ్‌షీట్లు, టవళ్లు మూడు జతల చొప్పున ఉండాలి: ఒకటి గదిలో, ఒకటి లాండ్రీలో, ఒకటి బీరువాలో. గుండు చేయించుకుని వచ్చేవాళ్ల చందనం వల్ల గలీబులు త్వరగా పాడవుతున్నాయి కాబట్టి వాటికి నాలుగు జతలు పెట్టాను. రగ్గులు ఒకటిన్నర చాలు.

| వస్తువు | ఉండాలి | గదుల్లో | బీరువాలో | లాండ్రీలో | తేడా |
|---|---|---|---|---|---|
| కింది అంతస్తు (2 గదులు) | | | | | |
| బెడ్‌షీట్లు | 6 | 2 | 2 | 2 | 0 |
| గలీబులు | 16 | 4 | 7 | 4 | −1 |
| టవళ్లు | 12 | 4 | 4 | 4 | 0 |
| రగ్గులు | 6 | 4 | 2 | 0 | 0 |
| మొదటి అంతస్తు (5 గదులు) | | | | | |
| బెడ్‌షీట్లు | 15 | 5 | 4 | 5 | −1 |
| గలీబులు | 40 | 10 | 15 | 9 | −6 |
| టవళ్లు | 30 | 10 | 8 | 9 | −3 |
| రగ్గులు | 15 | 10 | 5 | 0 | 0 |
| రెండో అంతస్తు (5 గదులు, రెండు ఫ్యామిలీ) | | | | | |
| బెడ్‌షీట్లు | 21 | 7 | 8 | 7 | +1 |
| గలీబులు | 56 | 14 | 18 | 15 | −9 |
| టవళ్లు | 42 | 14 | 9 | 12 | −7 |
| రగ్గులు | 21 | 14 | 4 | 2 | −1 |

రెండో అంతస్తులో ఎక్కువ వచ్చిన బెడ్‌షీటుకి అంచున పచ్చ దారం ఉంది, అంటే అది మొదటి అంతస్తుదే. కిందికి పంపించేశాం.

గలీబులు 16 తక్కువ. వాటిలో 11 చందనం మరకలు వదలక నేనే పక్కన పెట్టాను, గదిలో వేయడానికి పనికిరావు. మిగతా 5 ఎక్కడా దొరకలేదు. స్టోర్‌లో కొత్తవి 8 ఉన్నాయి, ఇంకో 8 కొనాలి. ఈసారి తెలుపు వద్దు సార్, లేత గోధుమ రంగు తెప్పించండి.

టవళ్లు 10 తక్కువ. నాలుగు అంచులు చిరిగి నేల తుడిచే గుడ్డలయ్యాయి. శుక్రవారం రెండో అంతస్తువి 16 వేస్తే 13 తిరిగొచ్చాయి. చీటీ నా దగ్గరుంది, ఆ మూడూ లాండ్రీ బిల్లులో తగ్గించాలి. మరో మూడు యాత్రికుల సంచుల్లో వెళ్లి ఉంటాయి. అందుకోసం ఎవరినీ గేటు దగ్గర ఆపి అడగడం బాగుండదు. డాబా మీద తాడుకి ఆరేసిన రెండింటినీ బీరువా లెక్కలోనే కలిపాను. స్టోర్‌లో 6 ఉన్నాయి, 4 కొనాలి. వీటితోపాటు గుండు వాళ్లకి ఇవ్వడానికి ముదురు మెరూన్‌వి ఆరు రిసెప్షన్‌లో ఉంచితే గలీబులూ కొంత బతుకుతాయి.

తక్కువైన రగ్గు వాచ్‌మన్ మంచం మీద ఉంది. పెద్దాయన, ఉండనివ్వండి. దాన్ని లెక్కలోంచి తీసేసి పైకి కొత్తది ఒకటి ఇద్దాం.

చిన్న సబ్బులు మూడు రోజులకి సరిపడా కింద 12, మొదట 30, రెండో అంతస్తులో 42 ఉండాలి. మొదటి అంతస్తులో 22 మాత్రమే ఉన్నాయి, మిగతా రెండూ సరి. ఫినాయిల్ అంతస్తుకో సీసా ఉంది. రెండో అంతస్తులో రెండు మగ్గులు పగిలాయి.

సెప్టెంబరు 24న బ్రహ్మోత్సవాలు మొదలు. కొనేవి 15వ తేదీలోపు వస్తే ఒకసారి ఉతికించి గదుల్లో వేస్తాం. మళ్లీ లెక్క 21, ఆదివారం.

హౌస్‌కీపింగ్ సూపర్‌వైజర్