1908 మూసీ వరద: వాన కంటే చెరువులే ఎక్కువ ముంచాయి (తిరగరాసిన వ్యాసం)

మేడమ్ గారికి నమస్కారం. కాలేజీ పత్రికకి నేనిచ్చిన వ్యాసం కథలా ఉంది, విషయాల వారీగా విడగొట్టి, ప్రతి భాగం మొదటి వాక్యంలోనే చెప్పదలచుకున్నది చెప్పమన్నారు కదా, అలాగే మార్చాను. పాత ప్రతి ఇలా మొదలయ్యేది:

"సెప్టెంబర్ 28 తెల్లవారకముందే మూసీ కట్టలు తెంచుకుంది. చీకట్లో అరుపులు. ఎటు చూసినా నీళ్లు. అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి తోటలో ఒక చింతచెట్టు మాత్రం నిలబడి ఉంది. దొరికిన కొమ్మ పట్టుకుని జనం పైకి పాకారు..."

చింతచెట్టుని తీసెయ్యలేదు, చోటు మార్చానంతే. ఆ రాత్రి చుట్టూ కథ అల్లితే వరద ఆకాశం నుంచి ఊడిపడ్డట్టే ఉంటుంది. నా వాదన వేరు. అంత ముంపు రావడానికి కారణాలు నగరానికి ఎగువన, ఒడ్డున ముందే ఉన్నాయి. కాబట్టి కారణాలతో మొదలుపెట్టాను.

ఎగువ చెరువులు

హైదరాబాద్‌ని ముంచింది వాన ఒక్కటే కాదు, వాన దెబ్బకి వరుసగా తెగిన చెరువులు. వాన మాత్రం తక్కువేం పడలేదు. నగరానికి నైరుతి దిక్కున శంషాబాద్‌లో 24 గంటల్లో 12.8 అంగుళాలు, 48 గంటల్లో 18.9 అంగుళాలు నమోదైందని తర్వాత విచారణ జరిపిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య రాశారు. అయితే ఆయన అంతటితో ఆగలేదు. మూసీ పరీవాహకంలో 788 చెరువులుంటే వాటిలో 221 తెగిపోయాయని లెక్క తేల్చారు. దక్కన్‌లో చెరువులు గొలుసుకట్టుగా ఉంటాయి. పై చెరువు అలుగు పారితే ఆ నీళ్లు కింది చెరువులోకి వస్తాయి. మామూలు రోజుల్లో ఇది వ్యవసాయానికి వరం, చుక్క నీరు వృథా కాదు. పై కట్ట తెగిన రోజున మాత్రం ఆ చెరువు నీళ్లన్నీ ఒక్కసారిగా కింది కట్ట మీద పడతాయి. అదీ తెగితే రెండు చెరువుల నీళ్లు కలిసి మూడోదాని మీదికి వెళతాయి. కట్టలు ఇలా ఒకదాని వెనక ఒకటి తెగుతూ వస్తే, గంటల మీద రావాల్సిన ప్రవాహం ఒకే ఉధృతిగా నగరం మీద పడుతుంది. మూసీ గరిష్ఠ ప్రవాహం 4,25,000 క్యూసెక్కులని విశ్వేశ్వరయ్య అంచనా వేశారు. చాలా నెలలు పిల్లకాలువలా పారే ఏరు అది.

పాత ప్రతిలో ఈ సంగతంతా "చెరువులు కూడా తెగాయి" అనే ఒక్క ముక్కలో పోయింది. నిజానికి వ్యాసానికి గుండెకాయ ఇదే.

నదిని ఆనుకున్న ఊరు

వరద తీవ్రతకి రెండో కారణం, నగరం నదికి రెండు వైపులా ఒడ్డుని ఆనుకుని పెరగడం. 1578లో పురానాపూల్ కట్టినప్పుడు అది గోల్కొండ నుంచి నది దాటే దారి. చార్మినార్ చుట్టూ నగరం వెలిసింది 1591లో. మూడు వందల ఏళ్లకి ఉత్తరపు ఒడ్డున అఫ్జల్‌గంజ్, చాదర్‌ఘాట్ వైపు కూడా జనం నిండిపోయారు. నీటికి దగ్గరగా చిన్న చిన్న మట్టి ఇళ్లలో ఉన్నది ఎక్కువగా పేదలే. కోల్సావాడి లాంటి బస్తీలు తుడిచిపెట్టుకుపోయాయి. అఫ్జల్, ముసల్లంజంగ్, చాదర్‌ఘాట్ వంతెనలు దెబ్బతిని, రెండు ఒడ్లకీ రాకపోకలు తెగిపోయాయి. అన్నిటికంటే పాతదైన పురానాపూల్ మాత్రం నిలబడింది.

ప్రాణనష్టం

ప్రాణనష్టం ఎంత అన్నదానికి ఒకే అంకె లేదు, ఎక్కువగా వినిపించేది పదిహేను వేలు. దాదాపు 19 వేల ఇళ్లు కూలాయంటారు. అంకెలు పెద్దవైనకొద్దీ మనుషులు కనబడకుండా పోతారు, అందుకే ఇక్కడ రెండు సంగతులు ఉంచాను. ఒకటి ఆ చింతచెట్టు. దాని కొమ్మల మీద సుమారు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారని చెబుతారు. ఆ చెట్టు ఇప్పటికీ, తర్వాత అక్కడ కట్టిన ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉంది. రెండోది ఉర్దూ కవి అమ్జద్ హైదరాబాదీ కథ. తల్లి, భార్య, కూతురు వరదలో పోగా ఆయన ఒక్కడే బయటపడ్డారు. తర్వాత రుబాయీలకి పేరు తెచ్చుకున్న మనిషి ఆయన. పాత ప్రతిలో ఈ రెండూ ఉత్కంఠ కోసం వాడాను. ఇక్కడ అవి ఒడ్డున ఉన్నవాళ్లకి ఏమైందో చెప్పే సాక్ష్యాలు.

ప్రభుత్వం

ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ ప్రభుత్వం తక్షణ సాయంతో ఆపకుండా, మళ్లీ వరద రాకుండా ఏం చెయ్యాలని ఒక ఇంజనీరుని అడిగింది. బాధితులకి అన్నం పెట్టారు, ఆశ్రయం ఇచ్చారు. నిజాం స్వయంగా మూసీకి పూజ చేసి శాంతించమని వేడుకున్నాడని నగరంలో ఇప్పటికీ చెప్పుకుంటారు. జనం ఆయన్ని ఎంత దగ్గరగా తలుచుకున్నారో ఆ మాటలో తెలుస్తుంది. కానీ తర్వాతి నూరేళ్లని మార్చింది ఇంకో పని. బొంబాయి ప్రభుత్వ ఉద్యోగం నుంచి తప్పుకున్న విశ్వేశ్వరయ్యని పిలిపించారు. 1909లో ఆయన వచ్చి నదిని, చెరువులని, వాన లెక్కలని పరిశీలించి, నగరానికి ఎగువన రెండు పెద్ద జలాశయాలు కట్టి వరద నీటిని ఆపాలని సూచించారు. ఆ ఏడాది చివర ఆయన మైసూరు వెళ్లిపోయినా సూచన నిలిచింది.

నగరం మారిన తీరు

వరద తర్వాత కట్టిన కట్టడాలే నేటి పాత హైదరాబాద్‌కి చాలావరకు రూపం ఇచ్చాయి. 1911లో మహబూబ్ అలీ ఖాన్ చనిపోయాక, ఏడో నిజాం ఉస్మాన్ అలీ ఖాన్ హయాంలో 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఏర్పడింది. ఇరుకు బస్తీలని తొలగించి వీధులు వెడల్పు చేసింది. మూసీ మీద గండిపేట దగ్గర ఉస్మాన్‌సాగర్ 1920లో, దాని ఉపనది ఈసీ మీద హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. నది ఒడ్డున హైకోర్టు, ఉస్మానియా ఆసుపత్రి లేచాయి. అయితే బస్తీలు తొలగించినప్పుడు అక్కడి పేదలు ఎటు వెళ్లారన్న ప్రశ్న ఉంటుంది. వరదలో ఒకసారి, ఈ తొలగింపులో ఇంకోసారి ఇల్లు పోగొట్టుకున్నవాళ్లు కూడా వాళ్లలో ఉండి ఉంటారు. కథ రూపంలో ఈ ప్రశ్నకి చోటే దొరకలేదు.

జలాశయాల పని

ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ వరదని ఆపడానికి పుట్టినా, నగరానికి తాగునీరిచ్చే చెరువులుగానే పేరు తెచ్చుకున్నాయి. ఈ రెండు పనులకీ పొత్తు కుదరదు. తాగునీటికి జలాశయం నిండుగా ఉండాలి, వరదని పట్టుకోవాలంటే లోపల ఖాళీ ఉండాలి. వానాకాలం చివర్లో నిండుగా ఉన్న జలాశయం మీద పెద్ద వాన పడితే, గేట్లు ఎత్తి నీళ్లు కిందికి వదలడం తప్ప దారి ఉండదు. 2020 అక్టోబర్‌లో హిమాయత్‌సాగర్ గేట్లు అలాగే ఎత్తారు. ఆ నెలలోనే పాతబస్తీ వైపు పల్లె చెరువు, గుర్రం చెరువు కట్టలు తెగి ఇళ్లలోకి నీళ్లొచ్చాయి. ఇవి విశ్వేశ్వరయ్య జలాశయాలకి దిగువన, నగరం మధ్యలో ఉన్న చెరువులు. పైన కట్టిన ఆనకట్ట వీటి మీద పడే వానని ఆపలేదు. 1908లో తెగింది ఎగువ గొలుసైతే, ఇప్పుడు గొలుసులో మిగిలిన చెరువులు నగరం లోపలే ఉన్నాయి, వాటి అలుగు పారే దారిలో ఇళ్లున్నాయి.