చిత్తుప్రతికి ఏడాది ప్రణాళిక: 2026 జూలై – 2027 జూన్

1921లో చీరాల, పేరాల ప్రజలు మునిసిపాలిటీ పన్నులను నిరసిస్తూ, దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గారి నాయకత్వంలో ఇళ్ళు విడిచిపెట్టి, ఊరి వెలుపల రామ్‌నగర్ పేరుతో పాకలు వేసుకొని సుమారు పదకొండు నెలలు గడిపారు. ఆ కాలాన్ని ఒక నేత కుటుంబం వైపు నుంచి చెప్పే నా నవలకు చిత్తుప్రతిని 2027 జూన్ 30 లోగా ముగించడం ఈ ప్రణాళిక ఉద్దేశం. ఆ పదకొండు నెలల్లో ఒక్కో నెల కథకు రెండు చొప్పున 22 అధ్యాయాలు, ఒక్కో అధ్యాయం 2,500 పదాలు, మొత్తం 55,000 పదాలు. అచ్చులో రెండు వందల పైచిలుకు పేజీలవుతాయి. ఈ కథకు అంతకు మించి అవసరం లేదు.

ఈ సంఖ్యను 365తో భాగిస్తే రోజుకు 151 పదాలు వస్తాయి. వినడానికి సులువుగానే ఉంటుంది కానీ, ఉన్నత పాఠశాలలో సోషల్ పాఠాలు చెప్పేవారి ఏడాదిలో రోజులన్నీ ఒక్క తీరుగా ఉండవు. ఆదివారాలు ఇంటివి. ఫిబ్రవరిలో పదో తరగతికి ప్రత్యేక తరగతులు, మార్చిలో పబ్లిక్ పరీక్షల డ్యూటీ, ఏప్రిల్‌లో స్పాట్ వాల్యుయేషన్ ఉంటాయి. రోజంతా జవాబు పత్రాలు దిద్దిన తరువాత సొంత వాక్యం రాయగలనని అనుకోవడం నన్ను నేను మోసం చేసుకోవడమే. అందుకే మార్చి, ఏప్రిల్ నెలలకు లక్ష్యం సున్నాగా పెట్టుకున్నాను.

మిగిలిన నెలల లెక్క ఇది. జూలైలో అలవాటు కుదిరేదాకా రోజుకు 200 పదాల చొప్పున 24 రోజులు రాస్తే 4,800 అవుతాయి. ఆగస్టు నుంచి డిసెంబరు దాకా నెలకు 22 రోజులు, రోజుకు 250 చొప్పున 27,500. పండుగలు, పెళ్ళిళ్ళు, జ్వరాలు అన్నీ ఆ నెలల్లో వదిలిన రోజుల్లోనే సర్దుకోవాలి. సంక్రాంతి ఉన్న జనవరిలో 18 రోజులకు 4,500, ఫిబ్రవరిలో 14 రోజులకు రోజుకు 200 చొప్పున 2,800. అక్కడికి 39,600, అంటే పదహారో అధ్యాయం ఇంచుమించు పూర్తవుతుంది. వేసవి సెలవుల్లో మేలో 26 రోజులు, జూన్‌లో బడి తెరిచేలోగా 10 రోజులు, రోజుకు 500 చొప్పున 18,000. మొత్తం 57,600. కావలసిన దానికంటే 2,600 ఎక్కువ ఉన్నాయి కనుక వాటిని ముందుగానే ఖర్చు రాసుకోకూడదు. జనం తిరిగి ఊళ్ళోకి వచ్చే చివరి ఆరు అధ్యాయాలు వేసవికి పడటం నాకు కలిసివచ్చింది. ఓడామా, నిలిచామా అన్నది ఎవరికీ తేలని ఆ రోజులను విడివిడిగా కాక ఒక ఊపులో రాయాలి.

రాసే వేళ ఉదయం 5 నుంచి 5.45 వరకు. ఆ ముప్పావు గంటలో ల్యాప్‌టాప్ మీద బరువుగా సాగిన రోజున 180, బాగా సాగిన రోజున 340 పదాలు వస్తున్నాయి. 250 అన్న అంకె ఆ రెండింటి నడుమ నుంచి తీసుకున్నదే. అది పూర్తయ్యాక వేళ మిగిలినా, మరునాటి మొదటి వాక్యం ఏమిటో ఒక ముక్క రాసి లేవాలి. వేసవిలో మాత్రం సాయంత్రం 4 గంటలకు రెండో విడత రాయడం ఉంటుంది. ముందురోజు రాసినదాన్ని దిద్దడం ఏడాది పొడవునా నిషిద్ధం. దిద్దుబాటు పదాలను పెంచదు, పైగా పని చేశామన్న తృప్తినిస్తుంది.

చారిత్రక నవలకు అసలు గండం పరిశోధన. మూడో అధ్యాయంలో తాత పాకలో మగ్గం దించుకోవాలి. ఆ ఇసుక నేలలో గుంట మగ్గానికి తవ్విన గుంట నిలుస్తుందా, అంచులకు ఏమి కట్టేవారు అన్నది నాకు తెలియదు. పుస్తకాలు తెరిస్తే ఆ ఉదయం అంతటితో పోతుంది. అందువల్ల అక్కడ “చూడాలి: ఇసుకలో గుంట” అని రాసి, తాత పడుగు సరిచూసుకునే వాక్యానికి వెళ్ళిపోతాను. ఇటువంటి గుర్తులన్నిటినీ నెలలో రెండో శనివారం మధ్యాహ్నం, చీరాలలో నేత పని ఎరిగిన పెద్దల దగ్గర కూర్చొని తేల్చుకోవాలి. ఆ పూట రాసే పని ఉండదు.

తప్పిన రోజు బాకీని మరునాటికి మోయకూడదు. నెలాఖరున మొత్తం మాత్రమే చూసి, నా సహోద్యోగిని అయిన అక్కకు సంఖ్య ఒక్కటే సందేశంగా పంపుతాను. ఆమె ప్రతులు అడగనని ఒప్పుకున్నారు. డిసెంబరు 31 నాటికి 32,300 ఉండాలి. 28,000 దాటకపోతే వేళలు పెంచను, మద్రాసు శాసనమండలి చర్చలకు కేటాయించిన 14, 17 అధ్యాయాలను తొలగించి లక్ష్యాన్ని 50,000కు దించుతాను. కథ రామ్‌నగర్‌లోనే ఉంది కనుక వాటి లోటు పెద్దగా తెలియదు. జూన్ 12 నుంచి 30 వరకు ఏ పనీ కేటాయించలేదు. అప్పటికి మిగిలిన సన్నివేశాలేవైనా ఉంటే అవి ఆ రోజుల్లోకి వస్తాయి.