శనివారం క్విజ్: సీటీఆర్, కన్వర్షన్ రేట్, సీఏసీ లెక్కలు

డిజిటల్ మార్కెటింగ్ సాయంత్రం బ్యాచ్, బెంజ్ సర్కిల్, విజయవాడ
సమయం: 30 నిమిషాలు. మార్కులు: 20

ఫోన్లో కాలిక్యులేటర్ వాడుకోవచ్చు, పక్కవాళ్ల పేపరు మాత్రం వాడుకోకూడదు. ఉత్త జవాబు రాస్తే సగం మార్కులే. దేన్ని దేనితో భాగించారో కూడా రాయండి, నేను చూసేది అదే. లెక్కల్లోని షాపులన్నీ కల్పితం కాబట్టి "సార్, ఇది మా బాబాయి వాళ్ల షాపేనా" అని అడగొద్దు.

ప్రశ్నలు

1. మంగళగిరి చీరలు అమ్మే ఒక షాపు గూగుల్లో సెర్చ్ యాడ్ పెట్టింది. యాడ్ 40,000 సార్లు కనిపించింది, 1,000 క్లిక్‌లు వచ్చాయి. సీటీఆర్ ఎంత? (1 మార్కు)
అ) 0.25% ఆ) 2.5% ఇ) 25% ఈ) 40%

2. ఆ 1,000 క్లిక్‌ల నుంచి 30 ఆర్డర్లు వచ్చాయి. కన్వర్షన్ రేట్ ఎంత? (2 మార్కులు)
అ) 0.075% ఆ) 3% ఇ) 30% ఈ) 33.3%

3. అదే షాపు దసరాకి ఇన్‌స్టాగ్రామ్‌లో యాడ్ వేసింది. ఇంప్రెషన్లు 20,000. మొత్తం క్లిక్‌లు 900, అందులో వెబ్‌సైట్ లింక్ మీద పడినవి 300. మెటా యాడ్స్ రిపోర్టులో `CTR (all)`, `CTR (link click-through rate)` అని రెండు కాలమ్‌లు ఉన్నాయి. ఒక్కోదాంట్లో ఎంత కనిపిస్తుంది? షాపు ఓనర్‌కి మీరు ఏది చెప్తారు? (2 మార్కులు)

4. మొదటి యాడ్‌కి 10,000 ఇంప్రెషన్లు, 500 క్లిక్‌లు. రెండో యాడ్‌కి 90,000 ఇంప్రెషన్లు, 900 క్లిక్‌లు. రెండూ కలిపి సీటీఆర్ ఎంత? (3 మార్కులు)

5. గుంటూరు అరండల్‌పేటలో ఇంట్లోనే పచ్చళ్లు పెట్టి ఆన్‌లైన్లో అమ్మే ఒక ఆవిడ ఏప్రిల్ నెల లెక్కల పుస్తకం ఇది:

- ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ యాడ్లు: ₹36,000
- పోస్టర్లు, వీడియోలు చేసిన కుర్రాడికి: ₹6,000
- వాట్సాప్‌లో ఎంక్వైరీలకు జవాబిచ్చి ఆర్డర్ రాసుకునే అమ్మాయి జీతం: ₹12,000
- మామిడికాయ, గోంగూర, కారం, నూనె: ₹80,000
- పార్శిళ్ల కొరియర్: ₹9,000

ఆ నెల 150 మంది ఆర్డర్ ఇచ్చారు. వాళ్లలో 30 మంది పాతవాళ్లే. ఒక కొత్త కస్టమర్‌ని తెచ్చుకోవడానికి ఎంత ఖర్చయింది, అంటే సీఏసీ ఎంత? (4 మార్కులు)
అ) ₹300 ఆ) ₹360 ఇ) ₹450 ఈ) ₹1,191.67

6. ఆ కొత్తవాళ్లు అందరూ క్యాష్ ఆన్ డెలివరీ పెట్టారు. 24 మంది పార్శిల్ తీసుకోకుండా వెనక్కి పంపేశారు. ఇప్పుడు సీఏసీ ఎంత? సరుకు, ప్యాకింగ్, కొరియర్ పోను ఆర్డర్‌కి ₹225 మిగిలితే, ఒక కొత్త కస్టమర్ ఎన్ని ఆర్డర్లు ఇస్తే ఆ ఖర్చు తిరిగొస్తుంది? (4 మార్కులు)

7. ఏలూరు రోడ్డులో ఒక జిమ్ రెండు యాడ్లు వేసి ఒక్కోదాని మీద ₹24,000 ఖర్చు పెట్టింది. "ఫ్రీ ట్రయల్" యాడ్‌కి 1,00,000 ఇంప్రెషన్లు, 4,000 క్లిక్‌లు, 40 మంది డబ్బు కట్టి చేరారు. ఫీజులు, టైమింగ్స్ ముందే చెప్పిన యాడ్‌కి 2,00,000 ఇంప్రెషన్లు, 2,000 క్లిక్‌లు, 80 మంది చేరారు. సీటీఆర్, కన్వర్షన్ రేట్, చేరిన ఒక్కొక్కరికి అయిన యాడ్ ఖర్చు కట్టండి. వచ్చే నెల డబ్బు దేని మీద పెడతారు? (4 మార్కులు)

జవాబులు (పేపర్లు ఇచ్చేశాకే చూడండి)

1. ఆ. 1,000 ÷ 40,000 × 100 = 2.5%.

2. ఆ. 30 ÷ 1,000 × 100 = 3%. 0.075% పెట్టినవాళ్లు ఆర్డర్లని ఇంప్రెషన్లతో భాగించారు. యాడ్ చూసి బొటనవేలితో పైకి తోసేసినవాళ్లని షాపుకి వచ్చినట్టు లెక్కేస్తే ఎలా? బీసెంట్ రోడ్డులో షాపు ముందు నుంచి నడిచి వెళ్లిన ప్రతివాళ్లనీ గల్లాపెట్టె దగ్గర లెక్కపెట్టం కదా.

3. మొత్తం క్లిక్‌లతో 900 ÷ 20,000 = 4.5%. లింక్ క్లిక్‌లతో 300 ÷ 20,000 = 1.5%. ఓనర్‌కి చెప్పాల్సింది 1.5. లైక్ కొట్టినా, ప్రొఫైల్ తెరిచినా మొదటి కాలమ్‌లో పడతాయి. 4.5 చూపించి మెప్పు పొందొచ్చు, కానీ తర్వాత "ఇంతమంది నొక్కితే ఆర్డర్లేవి?" అని అడిగితే జవాబు ఉండదు.

4. 1,400 ÷ 1,00,000 = 1.4%. మొదటిది 5%, రెండోది 1%, కూడి రెండుతో భాగిస్తే 3% అని పోయిన బ్యాచ్‌లో సగానికి పైగా రాశారు. శాతాలకి సగటు తీయకూడదు, అసలు సంఖ్యలు కూడాలి. షీట్‌లో ఇంప్రెషన్లు B కాలమ్‌లో, క్లిక్‌లు C కాలమ్‌లో ఉంటే:

```
=SUM(C2:C3)/SUM(B2:B3)
```

`AVERAGE` జోలికి వెళ్లొద్దు.

5. ఇ. (36,000 + 6,000 + 12,000) ÷ 120 = ₹450.

అసలు పేచీ అంతా ఈ ప్రశ్నలోనే. ₹300 అన్నవాళ్లు యాడ్ బిల్లు ఒక్కటే తీసుకున్నారు. కొత్త కస్టమర్‌కి అయిన యాడ్ ఖర్చు అంటే అది సరే, సీఏసీ అంటే కాదు. పోస్టర్ చేసినవాడూ ఆర్డర్ పట్టిన అమ్మాయీ లేకపోతే ఆ కస్టమర్ రాడు. ₹360 అన్నవాళ్లు పాత 30 మందినీ కలిపేశారు, వాళ్లు పోయినేడాది ఆవకాయ రుచి చూసి మళ్లీ వచ్చినవాళ్లు. ₹1,191.67 అన్నవాళ్లు గోంగూర, నూనె, కొరియర్ కూడా వేసేశారు. అవి సరుకు తయారు చేసి ఇంటికి చేర్చే ఖర్చులు, మనిషిని తెచ్చుకునే ఖర్చు కాదు.

జీతం వదిలేసే పొరపాటు నేనూ చేశాను. మొదట్లో ఒక క్లయింట్‌కి యాడ్ ఖర్చు మాత్రమే వేసి సీఏసీ గొప్పగా ఉందని రిపోర్ట్ ఇచ్చాను. ఆయన అంతా విని "మరి నెలాఖరుకి డబ్బులు ఎందుకు మిగలట్లేదు బాబూ?" అన్నారు. ఆయన టేబుల్ మీదే మళ్లీ మొదటి నుంచి లెక్క కట్టాను.

6. పార్శిల్ తీసుకోనివాడు కస్టమర్ కాదు. 120 − 24 = 96. 54,000 ÷ 96 = ₹562.50. ఖర్చు పెట్టిన డబ్బు మాత్రం మారలేదు, యాడ్‌కి కట్టింది వెనక్కి రాదు. 562.50 ÷ 225 = 2.5, అర ఆర్డర్ ఉండదు కాబట్టి 3 ఆర్డర్లు, మొదటిది కలుపుకుని. తిరిగొచ్చిన పార్శిళ్ల కొరియర్ నష్టం ఇందులో వేయలేదు.

₹562.50 ఎక్కువా తక్కువా అని ఊరికే అడిగితే చెప్పలేం. పచ్చడి నచ్చితే సీసా అయిపోగానే మళ్లీ అడుగుతారు, మూడు ఆర్డర్లు పెద్ద కష్టం కాదు. అదే ₹225 మిగిలే పెళ్లికార్డులు అమ్మితే మాత్రం, మూడోసారి ఎవరు వస్తారు?

7. ఫ్రీ ట్రయల్: సీటీఆర్ 4%, కన్వర్షన్ 1%, ఒక్కొక్కరికి ₹600. ఫీజులు చెప్పిన యాడ్: సీటీఆర్ 1%, కన్వర్షన్ 4%, ఒక్కొక్కరికి ₹300. డబ్బు రెండోదాని మీదే. సీటీఆర్ నాలుగో వంతే ఉందని భయపడి మొదటిదాన్ని ఎంచుకున్నవాళ్లకి, మూడు లెక్కలూ సరిగ్గా కట్టుంటే 3 మార్కులు ఇస్తాను. రెండు యాడ్లనీ ఇంకో నెల నడిపి, ఫ్రీ ట్రయల్ వాళ్లలో ఆలస్యంగా చేరేవాళ్లని కూడా చూశాక తేలుస్తామని ఎవరైనా రాస్తే పూర్తి మార్కులు.